ఆరు నిమిషాల కాగితం, రెండున్నర నిమిషాల స్వాగతం

స్కూల్లో అథ్లెటిక్స్ మీట్ అనగానే స్పోర్ట్స్ కెప్టెన్ స్వాగత ప్రసంగం పని నా మీద పడుతుంది. నేను తెలుగు టీచర్ని. ట్రాక్ సంగతులు మా పీఈటీ సార్ చూసుకుంటారు, మాటల సంగతి నాకు వదిలేస్తారు. ఇన్నేళ్లలో చాలామంది కెప్టెన్లతో కూర్చున్నాను. ఈ ఒక్క ప్రసంగం గురించే రాయడానికి కారణం, దీన్ని తయారు చేస్తూ నేనే కొన్ని అభిప్రాయాలు మార్చుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడు కెప్టెన్ పదో తరగతి అమ్మాయి. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేది. ఏడు జట్ల మీట్, ఆరు బయటి స్కూళ్లవి, ఒకటి మాది. రెండు వందల మీటర్ల మట్టి ట్రాక్, సున్నంతో గీసిన ఆరు లేన్లు. మీట్‌కి పది రోజుల ముందు ఆ అమ్మాయి నాలుగు పేజీలు రాసి తెచ్చింది. స్టాఫ్ రూమ్‌లో నిలబడి చదవమన్నాను, ఫోన్‌లో టైం చూశాను. ఆరు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది.

"బాగుందా మేడమ్?"

"బాగుంది. కానీ ఇది చదివేటప్పుడు పిల్లలు ఎక్కడుంటారో చెప్పు."

కాసేపు ఆలోచించి, "గ్రౌండ్‌లో, నిలబడి ఉంటారు" అంది.

అసలు విషయం అక్కడే ఉంది. ఈ ప్రసంగం హాల్లో కుర్చీల్లో కూర్చున్న వాళ్లకి చెప్పేది కాదు. మార్చ్‌పాస్ట్ అయిపోయి, జట్లు జెండాలతో వరుసల్లో నిలబడి ఉండగా చెప్పేది. మార్చ్‌పాస్ట్ కోసం వాళ్లని అరగంట ముందే వరుస కట్టించి ఉంటారు. ఇంకా జెండా వందనం ఉంటుంది, ప్రతిజ్ఞ ఉంటుంది, ముఖ్య అతిథి మాట్లాడాలి. అదయ్యాక గంటలోపే వాళ్లలో కొందరు హీట్స్, అంటే ఫైనల్‌కి ముందు జరిగే వడపోత పరుగులు, పరిగెత్తాలి. ఎండలో కదలకుండా నిలబడితే కాళ్లలోకి రక్తం దిగి కళ్లు తిరుగుతాయి. ఒక ఏడాది వేరే చోట జరిగిన మీట్‌లో ఉపన్యాసాలు సాగుతుండగా వెనక వరుసలో ఇద్దరు పిల్లలు అలాగే కూలబడిపోయారు, నా కళ్లారా చూశాను. అప్పటినుంచి కెప్టెన్ ప్రసంగానికి నేను పెట్టుకున్న హద్దు రెండున్నర నిమిషాలు.

ఆరు నిమిషాల ఇరవై సెకన్లని రెండున్నరకి తేవాలంటే అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం కొట్టేస్తే సరిపోదు. ముందు ఆ కాగితంలో ఏముందో లెక్క తీశాం. రెండు రంగుల పెన్నులు తీసుకుని, వేదిక మీద ఉన్నవాళ్ల గురించిన మాటల కింద ఎర్రగీత, జట్ల గురించిన మాటల కింద నీలం గీత గీయమన్నాను. మొత్తం ఆరువందల పది మాటల్లో ఎర్రగీత పడినవి రెండువందల నలభై. ఏ గీతా పడని మాటలు, అంటే ఆటలు ఆరోగ్యానికి మంచివి, గెలుపోటములు సహజం లాంటివి, ఇంకో రెండువందల తొంభై. కృతజ్ఞతలు, మరో రెండు విషయాలు కలిపి యాభై నాలుగు. నీలం గీత పడినవి ఇరవై ఆరు. ఏడు జట్లకీ కలిపి ఒకే ఒక్క వాక్యం!

గీతలు చూశాక తనే నవ్వేసింది. "వచ్చిన వాళ్లకి స్వాగతం చెప్పమంటే వచ్చిన వాళ్లనే మర్చిపోయాను మేడమ్" అంది.

మరో రెండు విషయాలు అన్నాను కదా, అవి ఇవి. చివరి పేజీలో "క్రీడాస్ఫూర్తితో పాల్గొంటామని ప్రతిజ్ఞ చేస్తున్నాను" అని ఒక వాక్యం, దాని కిందే "ఈ పోటీలు ప్రారంభమైనట్లు ప్రకటిస్తున్నాను" అని ఇంకొకటి. రెండూ తన పనులు కావు. స్వాగతం, ప్రతిజ్ఞ, ప్రారంభ ప్రకటన మూడు వేరువేరు ఘట్టాలు. ఒలింపిక్స్‌లో కూడా అంతే. అక్కడ పోటీలు మొదలైనట్లు ప్రకటించేది ఆతిథ్య దేశాధినేత, ప్రతిజ్ఞ చేసేది క్రీడాకారులు. క్రీడాకారుల ప్రతిజ్ఞ మొదటిసారి చేసింది 1920లో ఆంట్‌వెర్ప్‌లో, బెల్జియం ఫెన్సర్ విక్టర్ బోయిన్. మా మీట్‌లో ప్రారంభ ప్రకటన ముఖ్య అతిథిది. అది కెప్టెన్ ముందే చేసేస్తే ఆయన లేచి అదే మాట మళ్లీ చెప్పాలి, లేదా ఇబ్బందిగా నవ్వి కూర్చోవాలి. ఇలాంటిది జరగడం నేను ఒకసారి చూశాను కూడా. ఆ రెండు వాక్యాలూ కొట్టేశాం. ఏ గీతా లేని రెండువందల తొంభై మాటలు ఒక్క ఊపులో పోయాయి. వాటికోసం తను పెద్దగా బాధపడలేదు. ఎక్కడినుంచో ఎత్తి రాసినవని ఇద్దరికీ తెలుసు.

ఇక ఎర్రగీతల సంగతి. తన మొదటి వాక్యం ఇలా ఉంది:

"ఈ శుభోదయ వేళ ఈ వేదికను అలంకరించిన గౌరవనీయులైన మా ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసిన ప్రముఖ క్రీడాకారులు శ్రీ … గారికి, గౌరవ అతిథి శ్రీమతి … గారికి, పాఠశాల కమిటీ పెద్దలకు, వివిధ పాఠశాలల నుండి విచ్చేసిన వ్యాయామ ఉపాధ్యాయులకు, న్యాయనిర్ణేతలకు, తల్లిదండ్రులకు మరియు క్రీడాకారులకు నా హృదయపూర్వక స్వాగత సుమాంజలి."

కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. చెవికి మాత్రం ఇది నడవదు. తెలుగులో అసలు మాట చివర వస్తుంది. ఇన్ని "గారికి"లు, "లకు"లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, వాళ్లకి ఏం చేయబోతున్నామో ఆఖరి మాట దాకా తెలియదు. చప్పట్లు కొట్టాలా, ఆగాలా అర్థం కాక జనం ఊరుకుంటారు. చదివే అమ్మాయికి కూడా మధ్యలో ఊపిరి తీసుకునే చోటు లేదు. ఆ వాక్యం మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ "వ్యాయామ ఉపాధ్యాయులకు" దగ్గరే గొంతు సన్నబడింది. ఊపిరి అక్కడికి అయిపోతోందన్నమాట.

విరిచి చెప్పడం ఒక్కటే దారి. అయితే ప్రతి పేరు పక్కనా "స్వాగతం" పెడితే ప్రతిసారీ చప్పట్లు వస్తాయి. ఒక్కో చప్పట్ల విడతకి ఐదారు సెకన్లు పోతాయి. వేదిక మీద ఎనిమిది మంది ఉంటే ముప్పావు నిమిషం అక్కడే ఖర్చు. అందుకని వేదికనంతా ఒకే వాక్యంలో కలిపేసి, ఒక్క ముఖ్య అతిథిని మాత్రం విడిగా చెప్పాలని అనుకున్నాం. మిగిలిన పెద్దల పేర్లు, హోదాలు వ్యాఖ్యానం చెప్పే టీచర్ వాళ్లు వేదిక ఎక్కేటప్పుడే చదివేస్తారు. దీనికి ప్రిన్సిపాల్ గారు వెంటనే ఒప్పుకోలేదు. కమిటీ పెద్దలు నొచ్చుకుంటారన్నారు. వేదిక ఎక్కేటప్పుడు వాళ్ల పేర్లు పూర్తి హోదాలతో వస్తాయని కార్యక్రమ పత్రం చూపించాక, "సరే, ఒక్క పేరూ పోకుండా చూసుకోండి" అన్నారు.

మిగిలిన టైమంతా జట్లది. వాళ్లని ఏ వరుసలో పిలవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గొడవలొచ్చేది ఇక్కడే. మార్చ్‌పాస్ట్‌లో ఏ వరుసలో నడిచారో అదే వరుసలో పిలిస్తే ఎవరికీ పేచీ ఉండదు. చూసేవాళ్ల కళ్లు కూడా ఎడమ నుంచి కుడికి అలా జరుగుతూ పోతాయి. ఆతిథ్యమిచ్చే జట్టు చివర వస్తుంది, ఒలింపిక్స్ కవాతులో ఆతిథ్య దేశం చివర నడిచినట్టు. పేర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. రిజిస్ట్రేషన్ ఫారంలో స్కూల్ పేరు ముందు ట్రస్టు పేరు, వెనక ఉన్నత పాఠశాల, ఆంగ్ల మాధ్యమం అని బారెడు ఉంటుంది. పిల్లలు తమని తాము అలా పిలుచుకోరు. ఎవరి బ్యానర్ మీద ఏం రాసుకున్నారో అదే చదవాలి. ఇందుకోసం ఆ అమ్మాయి ఆరు స్కూళ్ల పీఈటీలకీ ఫోన్ చేసింది. "సార్, మీ స్కూల్ పేరు మైకులో ఎలా పిలవమంటారు?" అని అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకుంది. ఒక స్కూల్ పేరుని మేమందరం ఏళ్ల తరబడి తప్పు పలుకుతున్నామని ఆ ఫోన్‌లోనే తెలిసింది.

ఇక్కడివరకు నాకు అలవాటైన పనే. తర్వాత ఒక సాయంత్రం నేను అడిగిన ప్రశ్న వల్ల కథ మలుపు తిరిగింది. "జట్లకి స్వాగతం అని పేర్లు పిలిచాక ఇంకేం చెప్తావు? నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేనిది ఏదైనా ఉందా?" అన్నాను. ప్రిన్సిపాల్ గారు చెప్పగలిగేవి, అతిథి చెప్పగలిగేవి వాళ్లకి వదిలేయాలి కదా.

తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రెండో మలుపు గురించి చెప్పొచ్చా మేడమ్?" అంది.

మా ట్రాక్ రెండో మలుపు చివర్లో, లోపలి రెండు లేన్లలో, ఓ పది మీటర్ల మేర నేల మెత్తగా ఉంటుంది. వాననీళ్లు అక్కడే చేరతాయి. మట్టి పోసి రోలర్ తిప్పినా నాలుగు రోజుల్లో మళ్లీ అంతే. నూరు మీటర్లు తిన్నగా సాగే పరుగు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ ఎనిమిది వందలు, పదిహేను వందలు పరిగెత్తేవాళ్లు దూరం కలిసొస్తుందని లోపలి అంచుకే చేరతారు. రెండు వందల మీటర్ల ట్రాక్ మీద ఎనిమిది వందలంటే నాలుగు చుట్లు, అంటే ఆ మెత్తటి చోట నాలుగుసార్లు అడుగు పడుతుంది. మా పిల్లలు అక్కడికి రాగానే మూడో లేన్‌లోకి జరిగి, అది దాటాక మళ్లీ లోపలికి వస్తారు. అలా జరిగితే దూరం కాస్త పెరుగుతుంది, కానీ కాలు దిగబడి ఊపు పోవడం కంటే అది నయం. ఇది మా స్కూల్ రన్నర్లకి మాత్రమే తెలిసిన సంగతి. అది తను మైకులో చెప్పేస్తానంటోంది.

పీఈటీ సార్‌కి ఇది నచ్చలేదు. అందులో న్యాయం లేకపోలేదు. "ముఖ్య అతిథి ముందు మన గ్రౌండ్ బాగాలేదని మనమే చెప్పుకుంటామా?" అన్నారు. మెత్తగా ఉన్న సంగతి టీమ్ మేనేజర్ల మీటింగ్‌లో తనే చెప్తానన్నారు. నేనూ ముందు ఆయన వైపే మొగ్గాను. స్వాగత ప్రసంగంలో మలుపుల సంగతి ఏమిటి అనిపించింది. ఆ అమ్మాయి ఎదురు వాదించలేదు గానీ ఒక మాట అంది. "సార్, పోయినసారి బయటి స్కూల్లో మీట్ అప్పుడు మేనేజర్ల మీటింగ్‌లో ఏం చెప్పారో మాదాకా రానేలేదు. గుంత ఎక్కడుందో హీట్‌లో పడ్డాకే తెలిసింది." ఆ పడింది తనే. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది.

పీఈటీ సార్ కాస్త ఆగి, "గుంత అనకు. కాస్త మెత్తగా ఉంటుంది, వార్మప్‌లో చూసుకోండి అను, చాలు" అన్నారు. ఒక వాక్యానికి ఒప్పుకున్నారు. ఆ వాక్యం పక్కన నిలబడటానికి ఇంకొన్ని వచ్చి చేరాయి. నీళ్లెక్కడ, పోటీకి ముందు పేరు నమోదు చేసుకునే కాల్ రూమ్ ఎక్కడ, ఎన్నో పిలుపులోపు రావాలి, ఎవరిని అడగాలి. అప్పుడు అది గ్రౌండ్ మీద ఫిర్యాదులా కాకుండా, ఇంటికొచ్చిన వాళ్లకి ఇల్లు చూపించినట్టు వినిపించింది.

చివరికి తయారైన ప్రసంగం ఇది. నాలుగు కార్డులు, మధ్యలో ఒక విడి కార్డు.

మొదటి కార్డు: "అందరికీ నమస్కారం. నేను ఈ స్కూల్ స్పోర్ట్స్ కెప్టెన్‌ని. ఎనిమిది వందల మీటర్లు పరిగెడతాను. వేదిక మీదున్న పెద్దలందరికీ మా విద్యార్థుల తరఫున స్వాగతం."

విడి కార్డు: "ఈ రోజు మన ముఖ్య అతిథి శ్రీ … గారు. ఆయన స్కూల్ రోజుల్లో హైజంప్ చేసేవారు. సార్, మా గ్రౌండ్‌కి స్వాగతం."

రెండో కార్డు: "ఇప్పుడు జట్లు. మీ పేరు పిలవగానే మీ జెండా పైకెత్తండి." తర్వాత ఏడు పేర్లు, ఒక్కో పేరు తర్వాత "స్వాగతం". "చివరగా, మా జట్టు."

మూడో కార్డు: "ఈ గ్రౌండ్ మాకు అలవాటు. మీకు కొత్త. అందుకని కొన్ని సంగతులు చెబుతాను. రెండో మలుపు చివర్లో లోపలి రెండు లేన్లు కాస్త మెత్తగా ఉంటాయి. వార్మప్‌లో ఒకసారి పరిగెత్తి చూసుకోండి. తాగే నీళ్లు స్కోర్ టేబుల్ వెనక ఉన్నాయి. కాల్ రూమ్ నీలం టెంట్‌లో. మూడో పిలుపులోపు అక్కడ ఉండాలి. ఏది కావాలన్నా తెల్ల టోపీ పెట్టుకున్న మా వాలంటీర్లని అడగండి."

నాలుగో కార్డు: "జడ్జీలకి, టైమ్ కీపర్లకి, ఫస్ట్ ఎయిడ్ వాళ్లకి స్వాగతం. స్టార్టర్ గన్ పేలాక ఎవరి పరుగు వాళ్లది. అప్పటిదాకా మీరంతా మా అతిథులు. ప్రతిజ్ఞ కోసం జట్ల కెప్టెన్లు ముందుకి రావాలని కోరుతున్నాను."

స్టార్టర్ గన్, అతిథులు అన్న ఆ రెండు వాక్యాలు తనవే. నేను రాసి ఉంటే అంత పొట్టిగా వచ్చేవి కావు. స్కూల్ రోజుల్లో హైజంప్ అన్న మాట అతిథి గారినే అడిగి రాసుకున్నది. పత్రికలో చూశాననో ఎవరో చెప్పారనో అతిథి ఘనతలు రాస్తే ఏదో ఒకటి తప్పు పోతుంది, ఆయన వేదిక మీదే సరిదిద్దాల్సి వస్తుంది.

కార్డులు ఎందుకంటే, కాగితం గాలికి ఎగురుతుంది. చెయ్యి వణికితే కాగితం రెండింతలు వణికి అందరికీ కనిపిస్తుంది. పోస్టుకార్డంత అట్టముక్క వణకదు. మూలన రంధ్రం చేసి రింగు వేస్తే కింద పడ్డా వరుస తప్పదు. విడి కార్డుని మాత్రం రింగులో వేయలేదు, క్లిప్పు పెట్టాం. ముఖ్య అతిథులు వేళకి రారన్నది నా అనుభవం. వచ్చే దాకా ఆయన పేరు చదవకూడదు. ఖాళీ కుర్చీకి స్వాగతం చెప్పినట్టుంటుంది.

మీట్‌కి రెండు రోజుల ముందు సౌండ్ బాక్సులు వచ్చాయి. గ్రౌండ్‌లో రిహార్సల్ పెట్టాం. తరగతిలో గడగడా చెప్పిన అమ్మాయి మైకు పట్టుకోగానే నాలుగో మాటకే తడబడింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అంతే. మాటలు సాగదీస్తోంది, కొన్ని అక్షరాలు రెండుసార్లు వస్తున్నాయి. టెన్షన్ అనుకున్నాను. "టెన్షన్ లేదు మేడమ్, నా గొంతు నాకే వెనక్కి వినిపిస్తోంది" అంది.

వెళ్లి తన పక్కన నిలబడి విన్నాను. నిజమే. గ్రౌండ్ అవతలి అంచున ఒక హారన్ స్పీకర్ వేదిక వైపు తిప్పి కట్టారు. దూరం అరవై మీటర్లు ఉంటుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు మూడువందల నలభై మీటర్లు పోతుంది కాబట్టి, ఆ స్పీకర్లోంచి తన మాట తన చెవికి చేరేసరికి సెకనులో ఆరో వంతుకి పైనే ఆలస్యం. తన గొంతు తనకే దాదాపు ఇంత ఆలస్యంగా వినిపిస్తే ఎంత బాగా మాట్లాడేవాళ్లకైనా నాలుక తడబడుతుంది. భయానికీ దీనికీ సంబంధం లేదు. తేడా ఎలా తెలుస్తుందంటే, మైకు ఆపి అదే చోట అదే జనం ముందు చెప్పమనాలి. అప్పుడు తడబాటు పోతే కారణం స్పీకరే. తను మైకు లేకుండా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

సౌండ్ అబ్బాయిని పిలిచి ఆ హారన్‌ని వేదిక మీదికి కాకుండా జట్ల వైపు, కాస్త నేలకి వంచి తిప్పమన్నాం. చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలిన దానికి మందు ఆగి ఆగి చెప్పడమే. పొట్టి వాక్యం చెప్పి నోరు మూసుకోవాలి, అవతలి స్పీకర్లోంచి ఆఖరి మాట వచ్చేశాక తర్వాతిది మొదలుపెట్టాలి. పొట్టి వాక్యాలు రాయించింది ఊపిరి కోసం, కానీ ఇక్కడ రెండోసారి అక్కరకొచ్చాయి. గ్రౌండ్ మధ్యలో నిలబడ్డ పిల్లలకీ ఇదే లాభం. వాళ్లకి రెండు స్పీకర్ల మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. వాక్యాల మధ్య ఖాళీ ఉంటేనే వాళ్లకి మాట విడిగా వినిపిస్తుంది.

ఇంకో చిన్న పని కూడా ఆ రోజే చేశాం. మైకుని నోటికి ఎదురుగా కాకుండా, పిడికిలంత దూరంలో, కాస్త పక్కకి పెట్టమన్నాను. "ప", "భ", "ఫ" లాంటి అక్షరాల్లో గాలి జోరుగా వస్తుంది, అది నేరుగా తగిలితే స్పీకర్లో ధబ్‌మని పేలుతుంది. "ఫస్ట్ ఎయిడ్" అన్నప్పుడల్లా పేలుతోందని, మైకు జరిపితే పోయిందని తనే కనిపెట్టింది. పక్కనే ఉన్న పిల్లలు అది విని ఓ పది నిమిషాలు మైకులో "ఫ ఫ" అని ఆడుకున్నారు. ఆపించడానికి పీఈటీ సార్ విజిల్ ఊదాల్సి వచ్చింది.

మీట్ రోజు ముఖ్య అతిథి రాలేదు. ఇరవై నిమిషాలు చూశాం. ఎండ ఎక్కుతోంది, ఇక మార్చ్‌పాస్ట్ మొదలుపెట్టండని ప్రిన్సిపాల్ గారే అన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసి క్లిప్పు తీసి విడి కార్డుని వెనక్కి పెట్టుకుంది. మొదటి కార్డు అయింది. "ఇప్పుడు జట్లు" అంది. మొదటి జెండా లేచింది, రెండోది, మూడోది. చప్పట్లు జెండాల వెంటే వస్తున్నాయి. నాలుగో జట్టు పేరు పిలుస్తుండగా గేటు దగ్గర కారు ఆగింది. వేదిక మీద అందరూ లేచి నిలబడ్డారు. తలలన్నీ అటు తిరిగాయి. నాలుగో జట్టు జెండా సగంలో ఆగిపోయింది.

తను ఆగిపోయింది. ఏమీ చెప్పలేదు. మైకుని కిందికి దించి అతిథి వేదిక ఎక్కి కూర్చునేదాకా అలాగే నిలబడింది. నా లెక్కన నిమిషం పైనే. వేదిక మీదినుంచి ఒక పెద్దాయన చేత్తో మొదటినుంచి మొదలుపెట్టమని సైగ చేస్తున్నారు. మొదటినుంచి అంటే మూడు జట్లు మళ్లీ జెండాలెత్తాలి, ఇంకో నిమిషం ఎండలో. తను పీఈటీ సార్ వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపి నాలుగు వేళ్లు చూపించారు. తను మైకెత్తి, "నాలుగో జట్టు…" అని మళ్లీ పేరు పిలిచింది. సగంలో ఆగిన జెండా ఈసారి పూర్తిగా లేచింది. చప్పట్లు ఎప్పటికంటే ఎక్కువ పడ్డాయి. ఐదోజట్టు వాళ్లు మాకెందుకు తక్కువ అన్నట్టు చూశారు కూడా. ఏడూ అయ్యాక వెనక పెట్టుకున్న విడి కార్డు ముందుకి తీసి, "సార్, మా గ్రౌండ్‌కి స్వాగతం" అంది. హైజంప్ మాట వినగానే అతిథి గారు కుర్చీలోంచి సగం లేచి చెయ్యి ఊపారు.

తప్పులూ జరిగాయి. ఆ కంగారులో కాల్ రూమ్ వాక్యం చదివింది గానీ మూడో పిలుపు వాక్యం వదిలేసింది. ఆ రోజు లాంగ్‌జంప్‌లో ఒక బయటి అబ్బాయి ఆలస్యంగా వచ్చి పోటీలోకి రాలేకపోయాడు. వాక్యం చదివి ఉంటే వచ్చేవాడో లేదో చెప్పలేను, కానీ అది మా లోటే. తర్వాతి ఏడాది నుంచి అలాంటి నియమాలు ప్రసంగంలో పెట్టడం మానేశాం. వ్యాఖ్యాత ప్రతి పోటీకి ముందు విడిగా చదువుతారు. చోటు చెప్పడం వరకే కెప్టెన్ పని. మధ్యలో ఆగిన సమయం తీసేస్తే ప్రసంగం మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. పది సెకన్లు జెండాలు తీసుకున్నాయి, నేను లెక్కలో వేసుకోనివి.

ప్రతిజ్ఞ అయి జట్లు చెదిరిపోయాక నేను కుర్చీలు సర్దిస్తూ రెండో మలుపు వైపు చూశాను. ఎర్ర జెర్సీల పిల్లలు ఇద్దరు, ఆకుపచ్చ జెర్సీ అమ్మాయి ఒకతె అక్కడ వంగి, బూటు మడమతో నేలని నొక్కి చూస్తున్నారు. ఆకుపచ్చ జెర్సీ అమ్మాయి మూడో లేన్‌లోకి జరిగి నాలుగడుగులు పరిగెత్తి వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం ఎనిమిది వందల ఫైనల్లో మా కెప్టెన్‌కి ముందు గీత దాటింది ఆ అమ్మాయే. సాయంత్రం కార్డులు నాకు తిరిగి ఇస్తూ, "మూడో లేన్‌లోకి నాకంటే బాగా జరిగింది మేడమ్" అంది మా కెప్టెన్.